క్లాసులో యాక్షన్ రీసెర్చ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి? నాలుగో తరగతి తీసివేతలతో తరచుగా అడిగే ప్రశ్నలు

కాంప్లెక్స్ మీటింగ్ అయిపోయాక టీచర్లు, ప్రాక్టీస్‌కి వచ్చిన డీఎడ్, బీఎడ్ పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నా. అన్నిటికీ ఒకే ఉదాహరణ వాడాను, నా నాలుగో తరగతిలో 22 మంది పిల్లలతో చేసిన తీసివేతల లెక్క. ఊరికే మెట్ల పేర్లు చెప్తే ఎవరికీ ఎక్కదు, ఒక క్లాసు మొదటి నుంచి చివరి దాకా చూస్తేనే ఎక్కడ ఏం చేయాలో తెలుస్తుంది.

యాక్షన్ రీసెర్చ్ అంటే అసలు ఏంటి? మామూలు రీసెర్చ్‌కి దీనికి తేడా ఏంటి?

మన క్లాసులో మనకే ఎదురైన ఒక ఇబ్బందిని మనమే పట్టుకుని, ఒక మార్పు చేసి చూసి, ఏమైందో రాసుకుని, దాన్ని బట్టి మళ్ళీ ఇంకో మార్పు చేయడం. అంతే. మామూలు రీసెర్చ్‌లో బయట నుంచి ఎవరో వచ్చి మన పిల్లల్ని చూసి వెళ్తారు, ఇక్కడ చూసేదీ మనమే చేసేదీ మనమే, పైగా మన పద్ధతి మీదే మనం ప్రశ్న వేసుకోవాలి. ఈ పేరు కర్ట్ లెవిన్ 1946లో రాసిన వ్యాసంతో బాగా పాకింది, తర్వాత అమెరికాలో స్టీఫెన్ కోరీ దీన్ని బడుల్లోకి తెచ్చాడు, మనం ఇప్పుడు రికార్డుల్లో గీసే ప్లాన్, చర్య, పరిశీలన, రిఫ్లెక్షన్ అనే చక్రం ఆస్ట్రేలియాలో కెమ్మిస్, మెక్‌టాగర్ట్ చెప్పిన రూపం. రికార్డులో చరిత్రకి అర పేజీ చాలు, చాలామంది ఆరు పేజీలు రాసేసి అసలు క్లాసులో ఏం జరిగిందో ఒక్క పేజీలో కుక్కేస్తారు.

"మా పిల్లలు లెక్కల్లో వీక్" అని సమస్య రాస్తే ఎందుకు ఒప్పుకోరు?

ఎందుకంటే దానికి మందు లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాలేదు" అంటే ఆయన ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడుగుతాడు కదా, ఇక్కడా అంతే. లెక్కల్లో ఎక్కడ? తీసివేతల్లో. తీసివేతల్లో ఎక్కడ? 58 - 23 లాంటివి అందరూ చేస్తున్నారు, పై అంకె చిన్నదై కింద అంకె పెద్దదైతేనే తప్పు వస్తోంది, అంటే మనం అప్పు తెచ్చుకోవడం అంటాం చూడండి అక్కడ. ఎంతమందికి? ఇక్కడి దాకా వస్తే అప్పుడు అది సమస్య.

ఇంకొక మాట, సమస్య మన చేతిలో ఉన్నదై ఉండాలి. మా ఊళ్ళో పత్తి ఏరే రోజుల్లో కొందరు పిల్లలు వారానికి రెండు మూడు రోజులు రారు. అది నిజమైన ఇబ్బందే, కానీ రోజూ 20 నిమిషాల పీరియడ్‌లో నేను చేసే మార్పుతో అది తీరదు. దాన్ని సమస్యగా తీసుకోకుండా, నా ఫలితాల మీద దాని ప్రభావం ఎంతో చూడ్డానికి హాజరు మాత్రం పక్కన రాసుకున్నా.

ప్రీ టెస్ట్ పేపర్ ఎలా తయారు చేయాలి? టెక్స్ట్ బుక్‌లోవి పది లెక్కలు ఇచ్చేస్తే సరిపోదా?

సరిపోదు, నేను మొదట అదే పొరపాటు చేశాను కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తా.

నా మొదటి పేపర్లో 52 - 27, 81 - 36 లాంటి లెక్కలు ఇచ్చా. 52 - 27 కి సగం క్లాసు 35 అని రాసింది. సరే, పిల్లలు తప్పు చేశారు అని ఎర్ర ఇంకుతో కొట్టేశా. సాయంత్రం కూర్చుని చూస్తే ఆ 35 ఎలా వచ్చిందో నాకు తెలియట్లేదు. ఒక పిల్లాడు ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7 లోంచి 2 తీసి 5 రాసి ఉండొచ్చు, పదుల్లో 5 లోంచి 2 తీస్తే 3, మొత్తం 35. ఇంకో పిల్ల అప్పు తెచ్చుకుని 12 లోంచి 7 తీసి 5 అని సరిగ్గానే రాసి, పక్కనున్న 5 ని 4 చేయడం మర్చిపోయి ఉండొచ్చు, అప్పుడూ 35 ఏ. రెండూ పూర్తిగా వేరు వేరు తప్పులు, జవాబు మాత్రం ఒకటే. 81 - 36 కూడా అంతే, ఎలా తప్పు చేసినా 55.

ఎందుకలా అంటే, ఒకట్లలో కింద అంకెకీ పై అంకెకీ తేడా 5 ఉంటే తిప్పినా 5, అప్పు తెచ్చినా 5. అందుకే తేడా 5 వచ్చే లెక్కల్ని పేపర్లోంచి తీసేయాలి. 53 - 27 ఇచ్చి చూడండి: సరైన జవాబు 26, తిప్పేసినవాళ్ళకి 34 వస్తుంది, పక్క అంకె తగ్గించనివాళ్ళకి 36 వస్తుంది. మూడు రకాల పిల్లలకి మూడు జవాబులు, పేపర్ చూడగానే తెలిసిపోతుంది.

రెండో పేపర్లో 8 లెక్కలు పెట్టా. అప్పు అక్కర్లేనివి రెండు, 58 - 23, 76 - 41. ఇవి ఎందుకంటే ఇక్కడే తప్పు చేసేవాళ్ళకి సమస్య అప్పు కాదు, అసలు చిన్న తీసివేతలే రావట్లేదని అర్థం. అప్పు కావాల్సినవి ఆరు: 53 - 27, 82 - 46, 64 - 38, 91 - 35, 70 - 34, 432 - 215. ఆరింటిలో కనీసం మూడింట్లో ఒకే రకం తప్పు కనిపిస్తేనే ఆ పిల్లాడిని ఆ గుంపులో వేశా, ఒక్కసారి వస్తే అది పరధ్యానం కూడా అయ్యుండొచ్చు.

ఫలితం ఇలా వచ్చింది. 22 మందిలో ఆరింట్లో ఐదైనా సరిగ్గా చేసినవాళ్ళు 4. తిప్పేసి తీసేసేవాళ్ళు 11. అప్పు తెచ్చుకుని పక్క అంకె తగ్గించనివాళ్ళు 4. ఏ పద్ధతికీ అందని తప్పులు చేసినవాళ్ళు 3. ఈ తిప్పేసే తప్పు మన పిల్లలకే కాదు, అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు 1978లోనే పిల్లల తీసివేతల తప్పుల్లో చాలావరకు ఊరికే వచ్చేవి కావని, వాటి వెనక ఒక పద్ధతి ఉంటుందని చూపించారు, అందులో ఇదీ ఒకటి.

తప్పు ఏంటో తెలిసింది. కారణం ఎలా తెలుసుకోవాలి?

పిల్లల్నే అడగాలి. ప్రతి గుంపులోంచి ఇద్దరు ముగ్గుర్ని ఒక్కొక్కరిగా పిలిచి, వాళ్ళ పేపర్ వాళ్ళ ముందు పెట్టి, "ఇది ఎట్ల చేసినవో నాకు చెప్పు" అని అడిగి నోరు మూసుకుని వినాలి. నోరు మూసుకోవడమే కష్టం, మనకి సరిదిద్దే అలవాటు కదా.

తిప్పేసే గుంపులో ఒక పాప ఏమందంటే, "మూడులకెళ్ళి ఏడు పోదు గద టీచర్, అందుకే ఏడులకెళ్ళి మూడు తీసిన. పెద్దదాంట్లకెళ్ళి చిన్నది తీయాలని మీరే చెప్పిండ్రు గద." నిజమే, ఒకటో తరగతిలో చెప్పింది నేనే. 8 లోంచి 3 తీసేటప్పుడు చెప్పిన మాట అది, ఆ రోజుకి పనికొచ్చింది, పాప దాన్ని రూలుగా దాచుకుని నాలుగో తరగతి దాకా మోసుకొచ్చింది.

రెండో గుంపులో ఒక బాబుని, 3 పక్కన పెట్టిన ఈ 1 ఎక్కడి నుంచి వచ్చింది నాన్నా అని అడిగా. "అప్పు టీచర్" అన్నాడు. ఎవరి దగ్గర తెచ్చినవ్ అంటే పేపర్ మొత్తం చూసి, "మీరు పెట్టమన్నరు, పెట్టిన" అన్నాడు. వాడికి ఆ 1 గాల్లోంచి వచ్చింది. అది పక్కనున్న 5 పదుల్లో ఒక పది అని, ఆ పది ఇక్కడికి వస్తే అక్కడ నాలుగే ఉంటాయని వాడికి ఎప్పుడూ కనబడలేదు. అప్పు అనే మాట కూడా ఇక్కడ ఇబ్బందే అనిపించింది నాకు, ఇంట్లో అప్పు అంటే మళ్ళీ తీర్చేది, లెక్కలో ఎవరూ ఏమీ తీర్చరు. పైగా అప్పు తెచ్చింది 1, అయ్యింది 10, ఈ ముడి ఎవరూ విప్పి చెప్పట్లేదు.

కారణం దొరికింది అని నాకు అప్పుడు అనిపించింది: పిల్లలకి అంకెలు విడివిడిగా కనిపిస్తున్నాయి, 53 అంటే 5 పదులు 3 ఒకట్లు అని కనిపించట్లేదు.

సమస్య వాక్యం, హైపోథెసిస్ చివరికి ఎలా రాశారు?

రికార్డులో ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా. సమస్య: నాలుగో తరగతిలో 22 మందిలో 15 మంది అప్పు అవసరమైన తీసివేతల్లో అంకెలు తిప్పేసి తీస్తున్నారు, లేదా పక్క స్థానాన్ని తగ్గించట్లేదు. హైపోథెసిస్: మూడు వారాలు, రోజూ 20 నిమిషాలు, పుల్లల కట్టలు విప్పుతూ తీసివేతలు చేయిస్తే ఈ రెండు తప్పులు తగ్గుతాయి.

దీని కింద ఇంకో లైన్ తప్పకుండా రాయండి, ఎంత వస్తే వచ్చినట్టు అనేది. నేను 22లో 16 మంది, ఆరింట్లో ఐదు సరిగ్గా చేయాలి అని మొదలుపెట్టకముందే రాసి తేదీ వేశా. ఇది ముందు రాయకపోతే చివర్లో ఎంత వచ్చినా "బాగా మెరుగుపడ్డారు" అని మనల్ని మనమే సర్దిచెప్పుకుంటాం.

ఇంటర్వెన్షన్ రోజువారీగా ఎలా ప్లాన్ చేయాలి?

ముందు సామాను. కొబ్బరి చీపురు పుల్లలు విరిచి అగ్గిపుల్ల కంటే కొంచెం పొడుగు ముక్కలు చేశాం, పది పుల్లలకి ఒక రబ్బర్ బ్యాండ్, జంటకి పది కట్టలు. 22 మంది అంటే 11 జంటలు, 1100 పుల్లలు. కట్టలు కట్టడం పిల్లల చేతే చేయించండి, మనం ఇంట్లో కూర్చుని కట్టుకురావద్దు. వంద పుల్లలు లెక్కపెట్టి పది పది కట్టిన చేతికి, కట్టలో పది ఉంటాయని మళ్ళీ చెప్పక్కర్లేదు. నాకు దానికి రెండు పీరియడ్లు పోయాయి, పోనీ అనుకున్నా.

మొదటి వారం పెన్సిల్ ముట్టుకోలేదు. 53 అంటే ఐదు కట్టలు, మూడు విడి పుల్లలు బల్ల మీద పెట్టాలి. "ఇందులోంచి 27 నాకు ఇవ్వండి" అంటా. ముందు ఏడు విడి పుల్లలు ఇవ్వాలి, మూడే ఉన్నాయి. ఏం చేస్తారు? ఎవరికీ తిప్పేయాలని తోచదు, ఎందుకంటే ఏడు నేను అడుగుతున్నా, ఏడు అక్కడ లేవు, 7 లోంచి 3 తీయడానికి బల్ల మీద 7 ఎక్కడుంది? మొదటి రోజే ఒక జంట రబ్బర్ బ్యాండ్ లాగేసింది. అప్పు అనే మాట ఆ రోజుతో ఆపేశా, "కట్ట విప్పు" అనే మాట పెట్టుకున్నాం. విప్పాక 4 కట్టలు, 13 పుల్లలు. నాలుగు కట్టలే ఉన్నాయని పిల్లలకి కళ్ళకి కనిపిస్తోంది, తగ్గించు అని నేను చెప్పాల్సిన పని లేదు.

రెండో వారం పుల్లలూ రాతా ఒకేసారి. జంటలో ఒకరు విప్పుతారు, ఇంకొకరు ఆ క్షణంలోనే పుస్తకంలో రాస్తారు. బ్యాండ్ తీసిన వెంటనే 5 కొట్టేసి 4, 3 కొట్టేసి 13. పుల్లలతో అంతా చేసేసి తర్వాత రాయనిస్తే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. చేతి పని ఒక లోకం, పుస్తకం లెక్క ఇంకో లోకం అయిపోతాయి, పుల్లలతో బ్రహ్మాండంగా చేసి పుస్తకంలో మళ్ళీ తిప్పేస్తారు. చాలా బడుల్లో సామాను వాడినా ఫలితం రాకపోవడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం.

మూడో వారం పుల్లలు సంచిలో. మొదటి రెండు రోజులు కట్టకి నిలువు గీత, పుల్లకి చుక్క గీసి చేశారు, తర్వాత ఉత్త అంకెలు. అడిగినవాళ్ళకి మాత్రం సరిచూసుకోవడానికి సంచి ఇచ్చా.

మూడు వారాలే ఎందుకు? ఎక్కువ చేస్తే మంచిది కదా?

వారం చాలదు, పిల్లలకి కొత్త ఆట మోజు తీరేసరికే అయిపోతుంది. రెండు నెలలు పెడితే మధ్యలో పరీక్షలు, పండగలు, ఇంకో యూనిట్ వచ్చి పడి, ఏ మార్పు దేని వల్ల వచ్చిందో తెలియదు. మూడు వారాలంటే నాకు చేతికొచ్చింది 15 పీరియడ్లు, కట్టలు కట్టిన రెండూ కాకుండా. సెలవులు చూసుకుని ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

పాఠం చెప్తూ పరిశీలన ఎలా చేయాలి? చేతిలో నోట్ బుక్ పట్టుకుని తిరగలేం కదా.

అందర్నీ రోజూ చూడాలనుకుంటే ఎవర్నీ చూడం. రోజుకి ఐదుగురు, వాళ్ళ పేర్లు ముందు రోజే ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకునేదాన్ని, వారంలో అందరూ ఒకసారి వచ్చేస్తారు. గుర్తులు మూడే. తనంతట తను విప్పితే "వి". నేనో పక్కవాళ్ళో గుర్తు చేస్తే విప్పితే "గు". తిప్పేసి తీస్తే "తి". పక్కన ఒక ముక్క, ఆ పిల్లాడు అన్న మాట ఉంటే ఆ మాట. బడి వదలకముందే దాన్ని నోట్ బుక్‌లోకి ఎక్కించేయాలి, ఇంటికెళ్ళి రాద్దామనుకుంటే జరిగింది కాకుండా మనం అనుకున్నది రాస్తాం.

శనివారం నాలుగు లెక్కల స్లిప్ టెస్ట్. అది మార్కులకి కాదు, ఎవరు ఏ గుంపులో ఉన్నారో చూడ్డానికి.

ఇంకొక్కటి చేయండి, ఒక్క పీరియడ్‌కి తోటి టీచర్‌ని వెనక కూర్చోబెట్టండి. మా మేడం ఒకరు రెండో వారం మొదట్లో వచ్చి కూర్చున్నారు, ఏం చూడాలో ముందే చెప్పా, నేను ప్రశ్న అడిగి ఎంతసేపు ఆగుతున్నానో, ప్రతి జంటలో పుల్లలు ఎవరి చేతిలో ఉన్నాయో రాయమన్నా. ఆవిడ చీటీ చూసి నాకు చాలా బాధేసింది. 11 జంటల్లో 7 జంటల్లో పుల్లలూ పెన్సిలూ రెండూ ఒకే పిల్లాడి చేతిలో ఉన్నాయి, రెండో పిల్లాడు చూస్తూ కూర్చున్నాడు. నేను అటూ ఇటూ తిరుగుతూ అందరూ చేస్తున్నారనే అనుకున్నా.

మధ్యలో ప్లాన్ మార్చేయొచ్చా? మారిస్తే రీసెర్చ్ చెడిపోదా?

మార్చొచ్చు, మార్చాలి కూడా, కానీ తేదీ వేసి కారణం రాయాలి. ఆ చీటీ చూసిన మర్నాటి నుంచి ప్రతి లెక్కకీ పాత్రలు మార్చాం, ఒక లెక్కలో విప్పినవాళ్ళు తర్వాతి లెక్కలో రాయాలి, విప్పేవాళ్ళు పెన్సిల్ ముట్టుకోకూడదు. రికార్డులో ఆ పేజీ అలాగే ఉంచా. అది కొట్టేసి మొదటి నుంచీ ఇలాగే చేశాం అని రాస్తే, ఆ రికార్డు చదివి ఇంకో టీచర్ అదే పొరపాటు మళ్ళీ చేస్తారు.

మార్చకూడనిది ఒకటుంది, ముందు రాసుకున్న లక్ష్యం. 16 అన్నాం, కష్టంగా ఉందని 12 చేయకూడదు.

కంట్రోల్ గ్రూప్ కావాలా? టీ టెస్ట్ వేయాలా?

ఉన్నది ఒక్క సెక్షన్, 22 మంది, వాళ్ళలో సగం మందికి పుల్లలు ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా కూర్చోబెట్టడం నాకైతే ఇష్టం లేదు. కంట్రోల్ గ్రూప్ లేనప్పుడు పుల్లల వల్లే ఇదంతా వచ్చిందని మాత్రం రాయకూడదు. రోజూ 20 నిమిషాలు తీసివేతల మీదే కూర్చున్నాం, ఆ అభ్యాసం వల్ల కూడా కొంత వచ్చి ఉంటుంది. "ఈ క్లాసులో, ఈ మూడు వారాల్లో, ఈ పని చేశాక ఇలా మారింది" అని రాయాలి, అంతకు మించి ఒక్క మాట వద్దు.

కాలేజీ వాళ్ళు టీ టెస్ట్ అడిగితే వేసి ఇవ్వండి, కానీ మీకు పనికొచ్చేది పిల్లల వారీ పట్టిక. ఎడమ పక్కన పిల్లల కోడ్, తర్వాత ముందు ఏ గుంపు, ఇప్పుడు ఏ గుంపు, ఎన్ని రోజులు వచ్చారు. సగటు మార్కులు పెరిగాయి అంటే ఎవరు పెరిగారో ఎవరు ఆగిపోయారో కనబడదు.

పర్మిషన్లు ఏమన్నా తీసుకోవాలా?

హెచ్ఎం గారికి ఒక కాగితం రాసి సంతకం పెట్టించుకోండి, పేరెంట్స్ మీటింగ్‌లో ఏం చేస్తున్నామో చెప్పండి. రికార్డులో పిల్లల పేర్లు వద్దు, పి1, పి2 అని రాయండి. ఫొటోలు తీస్తే చేతులు, పుస్తకాలు తీయండి, ముఖాలు అక్కర్లేదు.

రిఫ్లెక్షన్‌లో ఏం రాయాలి? "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు" అని రాస్తే సరిపోదా?

ఆ వాక్యం ప్రతి రికార్డులో ఉంటుంది, దాని వల్ల రేపు క్లాసులో ఏం మార్చాలో తెలియదు. రిఫ్లెక్షన్ అంటే నేను అనుకున్నదీ జరిగిందీ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడొచ్చిందో వెతకడం.

మా పోస్ట్ టెస్ట్ అదే అచ్చులో అంకెలు మార్చి ఇచ్చా, 74 - 28 లాంటివి, తేడా 5 రాకుండా చూసుకుని. లక్ష్యం చేరినవాళ్ళు 4 నుంచి 13 అయ్యారు. తిప్పేసేవాళ్ళు 11 నుంచి 3 కి వచ్చారు. పక్క అంకె తగ్గించనివాళ్ళు మాత్రం 4 నుంచి 3, అంటే దాదాపు అలాగే. పద్ధతికి అందనివాళ్ళు అప్పుడూ 3, ఇప్పుడూ 3.

మొదట ఆ "దాదాపు అలాగే" చూసి రెండో గుంపుకి పుల్లలు పనిచేయలేదు అనుకున్నా. పట్టిక తెరిచి చూస్తే కథ వేరు. పాత నలుగురిలో ముగ్గురు బాగయ్యారు, ఒక్కడే మిగిలాడు. ఇప్పుడున్న ముగ్గురిలో మిగతా ఇద్దరు అంతకుముందు తిప్పేసేవాళ్ళు. అంటే వాళ్ళు ఒక మెట్టు ఎక్కారు, విప్పాలని తెలిసింది, విప్పాక తగ్గుతుందని పుస్తకంలో రాయడం ఇంకా కుదరలేదు. వాళ్ళిద్దరూ మేడం గారి చీటీలో ఊరికే చూస్తూ కూర్చున్న పిల్లలే. రెండు అంకెలు చూసి "మార్పు లేదు" అని రాసేసి ఉంటే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

పద్ధతికి అందని ముగ్గురిలో ఇద్దరు 15 పీరియడ్లలో 7 కూడా రాలేదు, పత్తి పని. మూడో పాపకి 58 - 23 కూడా తప్పుతోంది, ఆ పాపకి కావాల్సింది ఇది కాదు, వేళ్ళతో చేసే చిన్న తీసివేతలు. తనకి వేరే ప్లాన్.

లక్ష్యం 16, వచ్చింది 13. ఫెయిల్ అయినట్టేనా? రికార్డులో ఎలా చూపించాలి?

13 అనే చూపించాలి. హైపోథెసిస్ కొంతవరకే నిలబడింది అని రాశా, తిప్పేసే తప్పు బాగా తగ్గింది, రెండో తప్పు పూర్తిగా పోలేదు. డీఎడ్ పిల్లలు మార్కులు పోతాయని భయపడి అంకెలు మారుస్తుంటారు, దయచేసి ఆ పని చేయొద్దు. 22 మందిలో 22 మంది బాగయ్యారని రాసిన రికార్డు చూస్తే, క్లాసు తెలిసినవాళ్ళెవరూ నమ్మరు.

నాలుగు వారాలు ఆగి, ఏమీ చెప్పకుండా ఇంకో ఆరు లెక్కల పేపర్ ఇచ్చా. 13 మందిలో 12 మంది నిలబడ్డారు. ఈ ఆలస్యం పరీక్ష చాలామంది పెట్టరు, కానీ పోస్ట్ టెస్ట్ మర్నాడు మర్చిపోయేది నేర్చుకున్నట్టు కాదు కదా.

రెండో సైకిల్ ఎప్పుడు, దేనితో మొదలవుతుంది?

మొదటి సైకిల్ రిఫ్లెక్షన్‌లో కొత్తగా బయటపడిన ప్రశ్నతో. పోస్ట్ టెస్ట్ చివర్లో ఊరికే చూద్దామని 402 - 178 ఒక్కటి పెట్టా, లెక్కలో కలపలేదు. సరిగ్గా 224 అని రాసినవాళ్ళు ఐదుగురే. ఎక్కువమంది 234 రాశారు. 234 ఎలా వస్తుంది? వంద విప్పి పదుల్లో 10 పెట్టారు, అక్కడి నుంచి ఒకట్లకి ఒక పది తెచ్చి 12 చేశారు, కానీ ఆ 10 ని 9 చేయలేదు. 12 లోంచి 8 పోతే 4, 10 లోంచి 7 పోతే 3, 3 లోంచి 1 పోతే 2. రెండంకెల లెక్కలో బాగైన తప్పే, మధ్యలో సున్నా వచ్చేసరికి మళ్ళీ తలెత్తింది.

నా పొరపాటు కూడా కనబడింది. మూడు వారాలూ జంటకి పది కట్టలే ఇచ్చా, వంద అనేది ఒక వస్తువుగా వాళ్ళ చేతికి ఎప్పుడూ రాలేదు, దాన్ని విప్పే అవకాశమే లేదు. అందుకని రెండో సైకిల్‌కి పది కట్టలు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి వేశాం, అది వంద. నలుగురికి ఒక గుంపు, గుంపుకి నాలుగు కవర్లు, రెండు విడి పుల్లలు, రెండు వారాలు, లక్ష్యం 22లో 14 మంది, సున్నా ఉన్న నాలుగు లెక్కల్లో మూడు సరిగ్గా. జంటలు కాకుండా గుంపులు కాబట్టి విప్పేవాళ్ళు, రాసేవాళ్ళు, అడిగేవాళ్ళు, సరిచూసేవాళ్ళు అని నాలుగు పనులు, లెక్కకోసారి తిరుగుతాయి.

మొదటి రోజు 402 లోంచి 178 ఇవ్వండి అన్నా. ఒక గుంపులో కవర్ ముడి విప్పారు, పది కట్టలు బల్ల మీద పడ్డాయి, ఒక కట్ట బ్యాండ్ తీశారు, పుల్లలు 12 అయ్యాయి. రాసే బాబు పదుల్లో 10 అని రాసి ఉంచాడు. సరిచూసే పాప కట్టలు వేలితో లెక్కపెట్టి, "తొమ్మిదే ఉన్నయ్ రా, పది అని ఎందుకు రాసినవ్" అంది. వాడు ఒకసారి బల్ల చూసి, ఒకసారి పుస్తకం చూసి, 10 కొట్టేసి 9 వేశాడు. ఆ పాప మాట, తేదీ, "వి" గుర్తు, ఆ రోజు నోట్ బుక్‌లో మొదటి లైన్ అదే.